గ్రూప్ మెడికల్ రెన్యూవల్: రూమ్ రెంట్ పరిమితా, కో-పేనా, రెండూనా? ఉద్యోగులకు ఎలా చెప్పాలి?

రెన్యూవల్ గడువు నెల రోజులు ఉందనగా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కొటేషన్ వస్తుంది. పోయినేడు క్లెయిములు ఎక్కువయ్యాయి, పాత షరతులే కావాలంటే ప్రీమియం బాగా పెరుగుతుంది అంటారు. పాత ప్రీమియానికి దగ్గరగా ఉండాలంటే రూమ్ రెంట్ మీద పరిమితి పెట్టుకోండి, లేదా తల్లిదండ్రుల క్లెయిముల్లో కో-పే, అంటే కొంత వాటా ఉద్యోగే కట్టుకోవడం, ఒప్పుకోండి, అదీ చాలకపోతే రెండూ పెట్టుకోండి అంటారు. కర్నూలు, అనంతపురం, కడప వైపు వంద, రెండొందల మంది పనిచేసే ఫ్యాక్టరీల్లో, స్కూళ్లలో, షోరూముల్లో ఈ కాగితం హెచ్‌ఆర్ లేదా అకౌంట్స్ చూసే మనిషి టేబుల్ మీదికే వస్తుంది. యాజమాన్యం ప్రీమియం అంకె చూసి ఒకదానికి టిక్కు పెడుతుంది. దాన్ని ఉద్యోగులకు చెప్పే పని మనది.

చెప్పడానికి ముందు ఈ రెండు మార్పులకూ ఉన్న అసలు తేడా మనకు స్పష్టంగా తెలియాలి. రూమ్ రెంట్ పరిమితి వల్ల పడే భారాన్ని, సంగతి ముందుగా తెలిసిన ఉద్యోగి చాలావరకు తప్పించుకోగలడు. కో-పే భారాన్ని ఎంత తెలిసినవాడూ తప్పించుకోలేడు, డబ్బు మాత్రం ముందే సర్దుకోగలడు. ఒకటి ఆస్పత్రిలో చేరే నిమిషాన గుర్తుకు రావలసిన విషయం. రెండోది ఇవాళే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. రెండింటినీ ఒకే సర్క్యులర్‌లో, పాలసీలో ఉన్న మాటల్లోనే పెట్టి పంపిస్తే ఉద్యోగికి ఏదీ ఎక్కదు.

## దేన్ని బట్టి పోల్చాలి

ప్రీమియం ఎంత తగ్గింది అన్నది యాజమాన్యం లెక్క. ఉద్యోగి వైపు నుంచి చూసేటప్పుడు నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. డిశ్చార్జ్ రోజున ఇంటి నుంచి ఎంత కట్టాలి? ఆ మొత్తాన్ని తగ్గించుకోవడం ఉద్యోగి చేతుల్లో ఉందా? ఈ మార్పు ఎవరికి తగులుతుంది, ఉద్యోగికా, భార్యాపిల్లలకా, తల్లిదండ్రులకా? ఏ ఊరి ఆస్పత్రిలో తగులుతుంది?

నాలుగో ప్రశ్న మన ప్రాంతానికి చాలా ముఖ్యం. మామూలు జ్వరాలకు, కాన్పులకు, చిన్న ఆపరేషన్లకు ఊళ్లోనే నర్సింగ్ హోమ్‌కు వెళతాం. గుండె, మెదడు, క్యాన్సర్ అనేసరికి కర్నూలు వాళ్లు హైదరాబాద్‌కు, అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కడప వాళ్లు తిరుపతికో, వెల్లూరుకో, చెన్నైకో బయలుదేరతారు. ఊళ్లో మూడు వేలకు ఏసీ సింగిల్ రూమ్ దొరకవచ్చు. అదే మూడు వేలకు పెద్ద నగరంలోని కార్పొరేట్ ఆస్పత్రిలో షేరింగ్ రూమ్ దొరకడమే కష్టం. అంటే రూపాయల్లో పెట్టిన రూమ్ పరిమితి చిన్న జబ్బుల్లో కనిపించకుండా ఉండి, పెద్ద జబ్బు వచ్చిన రోజునే బయటపడుతుంది.

## ఒకే బిల్లు, మూడు పాలసీలు

ఉద్యోగి వాళ్ల అమ్మకు హైదరాబాద్‌లో ఒక ఆపరేషన్ జరిగిందనుకుందాం. ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంది. కుటుంబం మొత్తానికి కవరేజి 3 లక్షలు. రూమ్ పరిమితి అందులో 1 శాతం, అంటే రోజుకు 3,000 రూపాయలు. కొడుకు అమ్మకు ఇబ్బంది కాకూడదని 6,000 రూపాయల సింగిల్ రూమ్ తీసుకున్నాడు. బిల్లు ఇలా వచ్చింది:

| ఖర్చు | బిల్లు (రూ.) |
|---|---|
| రూమ్, 5 రోజులు | 30,000 |
| సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, నర్సింగ్ | 80,000 |
| మందులు, వైద్య సామగ్రి | 35,000 |
| పరీక్షలు | 15,000 |
| పాలసీ ఎలాగూ ఇవ్వనివి (ఫైల్ చార్జీ, తోడున్నవాళ్ల భోజనం వంటివి) | 5,000 |
| మొత్తం | 1,65,000 |

రూమ్ పరిమితి ఉన్న పాలసీలో దీన్ని ఎలా లెక్కకడతారో చూడండి. రూమ్‌కు 30,000 బదులు 15,000 ఇస్తారు. ఉద్యోగులు అందరూ ఇక్కడితో ఆగిపోతుందనుకుంటారు. 'రోజుకు మూడు వేలు ఎక్కువ, ఐదు రోజులకు పదిహేను వేలు, నేను పెట్టుకుంటాలే' అని ధైర్యంగా సంతకం పెడతారు. కానీ పాలసీ అంతటితో ఊరుకోదు. అర్హత 3,000, తీసుకున్న రూమ్ 6,000, అంటే సగానికే అర్హత ఉంది కాబట్టి డాక్టర్ ఫీజులు, థియేటర్, నర్సింగ్ వంటివాటిలోనూ సగమే ఇస్తారు. 80,000లో 40,000 పోయింది. దీన్నే దామాషా కోత అంటారు. క్లెయిమ్ కాగితాల మీద ప్రపోర్షనేట్ డిడక్షన్ అని ఉంటుంది.

ఎందుకలా అంటే, చాలా కార్పొరేట్ ఆస్పత్రుల్లో రూమ్ స్థాయి పెరిగేకొద్దీ అదే సర్జన్ ఫీజు, అదే థియేటర్ చార్జీ కూడా పెరుగుతాయి. రూమ్ ఒక్కదానికి హద్దు పెట్టి మిగతావి వదిలేస్తే తమకు లాభం లేదని ఇన్సూరెన్స్ కంపెనీ వాదన. అయితే 2020లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీనికి కొన్ని హద్దులు గీసింది. మందులు, వైద్య సామగ్రి, శరీరంలో అమర్చే ఇంప్లాంట్లు, పరీక్షలు, వీటి మీద ఈ దామాషా కోత వేయకూడదు. ఐసీయూ చార్జీల మీద వేయకూడదు. రూమ్‌ను బట్టి ఫీజులు మారని ఆస్పత్రి అయితే అసలు వేయనే కూడదు. అందుకే మన లెక్కలో మందుల 35,000, పరీక్షల 15,000 పూర్తిగా వచ్చాయి. క్లెయిమ్ తేలాక వచ్చే కాగితంలో మందుల మీద కూడా సగం కోసి ఉంటే హెచ్‌ఆర్ దాన్ని తప్పకుండా ప్రశ్నించాలి.

అదే కొడుకు 3,000 రూపాయల రూమ్ తీసుకుని ఉంటే రూమ్ బిల్లు 15,000 అయ్యేది. డాక్టర్ ఫీజులు వగైరా కూడా తగ్గి 60,000 అయ్యాయనుకుందాం. మందులు, పరీక్షలు, పాలసీ ఇవ్వనివి అంతే. బిల్లు 1,30,000. ఇప్పుడు మూడు రకాల పాలసీల్లో ఇంటి నుంచి ఎంత పడుతుందో పక్కపక్కన చూడండి. కో-పే 20 శాతం అనుకున్నాను.

| పాలసీ | 3,000 రూమ్ తీసుకుంటే చేతి నుంచి | 6,000 రూమ్ తీసుకుంటే చేతి నుంచి |
|---|---|---|
| రూమ్ పరిమితి మాత్రమే | 5,000 | 60,000 |
| కో-పే మాత్రమే | 30,000 | 37,000 |
| రెండూ | 30,000 | 81,000 |

ఉద్యోగులకు వేరే ఏ కాగితం ఇవ్వలేకపోయినా ఈ చిన్న పట్టిక ఇవ్వండి. మొదటి వరుసలో 5,000కూ 60,000కూ మధ్య ఉన్నది అడ్మిషన్ కౌంటర్ దగ్గర అన్న ఒక్క మాట. రెండో వరుసలో రూమ్ ఏదైనా పెద్ద తేడా లేదు, ముప్పై వేలు మాత్రం ఖాయం.

## రూమ్ రెంట్ పరిమితి: ఎవరికి నయం, ఎలా చెప్పాలి

రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే, చెప్పే ఓపిక ఉన్న సంస్థకు నేను రూమ్ పరిమితినే సూచిస్తాను. జాగ్రత్తగా ఉన్న కుటుంబానికి ఇందులో దాదాపు నష్టం లేదు. చెప్పే ఓపిక లేకపోతే మాత్రం ఇది కో-పే కంటే ప్రమాదం. పట్టికలో మొదటి వరుసే దానికి సాక్ష్యం.

చెప్పేటప్పుడు 'సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం' అనే మాటను ఉద్యోగి ముందుకు రానివ్వకండి. ఆస్పత్రిలో ఎవరూ శాతాలు లెక్కవేసుకోరు. గ్రేడును బట్టి కవరేజి మారుతుంటే ప్రతి గ్రేడుకూ రూపాయల్లో రాయండి. 2 లక్షల కవరేజి ఉన్నవారికి రోజుకు 2,000, 3 లక్షల వారికి 3,000, 5 లక్షల వారికి 5,000. ఐసీయూకు సాధారణంగా 2 శాతం పెడతారు, అదీ రూపాయల్లోనే రాయండి. ఆ రెంట్‌లో నర్సింగ్ చార్జీ కలిసి ఉందో లేదో ఇన్సూరెన్స్ వాళ్లను అడిగి తెలుసుకోండి. చాలా పాలసీల్లో కలిపే లెక్కిస్తారు. అప్పుడు 2,800 రూమ్‌కు 500 నర్సింగ్ చార్జీ తోడైతే పరిమితి దాటినట్టే.

ఉద్యోగి నోట్లో ఉండాల్సిన వాక్యం ఒకటే: "మా పాలసీలో రూమ్‌కు నర్సింగ్‌తో కలిపి రోజుకు మూడు వేలే వస్తుంది. ఆ లోపు రూమ్ ఏదుందో అదే ఇవ్వండి." అడ్మిషన్ అప్పుడే, ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఫారం నింపకముందే అనాలి. రెండో రోజు మార్చుకుందాంలే అంటే మొదటి రోజు నుంచే కోత లెక్క మొదలవుతుంది. ఆ రేటులో రూమ్ ఖాళీ లేదని ఆస్పత్రి వాళ్లు పైస్థాయి రూమ్ ఇస్తే? ఖాళీ లేదన్న కారణంతోనే కోత ఆగదు. వెంటనే హెచ్‌ఆర్‌కూ, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ సంస్థ హెల్ప్‌లైన్‌కూ ఫోన్ చేయాలి, ఖాళీ లేదని ఆస్పత్రి నుంచి కాగితం రాయించుకోవాలి, ఖాళీ కాగానే మారాలి.

కొటేషన్ మీద బేరం ఇంకా నడుస్తుంటే ఇంకో దారి ఉంది. రూపాయల పరిమితికి బదులు రూమ్ రకాన్ని పరిమితిగా పెట్టమని అడగండి: 'ఇద్దరు ఉండే షేరింగ్ రూమ్ వరకు' లేదా 'మామూలు సింగిల్ ఏసీ రూమ్ వరకు' అని. అప్పుడు కర్నూలులో షేరింగ్ రూమ్ పదిహేను వందలున్నా, బెంగళూరులో ఆరు వేలున్నా అర్హత మారదు. పెద్ద జబ్బుకు ఊరు దాటి వెళ్లక తప్పని మనలాంటి వాళ్లకు ఇదే సరైన రూపం. ప్రీమియం కాస్త పెరిగినా దీనికి ఒప్పుకోమని యాజమాన్యానికి గట్టిగా చెప్పండి. చెప్పడమూ సులువు. అర్హత ఉన్న రూమ్ ఖాళీ లేనప్పుడు పైస్థాయి రూమ్‌కు కోత ఉండదనే షరతు కూడా కొన్ని గ్రూప్ పాలసీల్లో చేరుస్తారు, అదీ అడగండి.

## కో-పే: ఎవరికి నయం, ఎలా చెప్పాలి

కో-పే అంటే పాలసీ ఒప్పుకున్న మొత్తంలో మన వాటా. 20 శాతం అంటే ఒప్పుకున్న ప్రతి వంద రూపాయల్లో ఇరవై మనం కడతాం, ఎనభై వాళ్లు కడతారు. ఇక్కడ రెండు అపోహలు వస్తుంటాయి. ఒకటి, ఈ వాటా మొత్తం బిల్లు మీద పడుతుందనుకోవడం. ముందు పాలసీ ఇవ్వనివి తీసేస్తారు, రూమ్ కోత ఉంటే అదీ తీసేస్తారు, మిగిలినదాని మీదే 20 శాతం. రెండు, క్యాష్‌లెస్ కాబట్టి పైసా కట్టక్కర్లేదనుకోవడం. క్యాష్‌లెస్ అయినా ఈ వాటాను ఆస్పత్రి మన దగ్గరే వసూలు చేస్తుంది, చాలాచోట్ల చేరేటప్పుడే అడ్వాన్సుగా అడుగుతుంది.

కో-పే చాలావరకు తల్లిదండ్రుల క్లెయిములకే పెడతారు. అందుకే ఈ మార్పును మాట్లాడేటప్పుడు అందరినీ కంగారు పెట్టకండి. పెళ్లికాని కుర్రాడు తన అపెండిక్స్ ఆపరేషన్‌కు కూడా ఇరవై శాతం కట్టాలేమో అని టెన్షన్ పడతాడు. మొదటి వాక్యంలోనే రాయండి: ఉద్యోగికి, భార్య లేదా భర్తకు, పిల్లలకు కో-పే లేదు, తల్లిదండ్రులకు మాత్రమే ఉంది.

మీటింగులో తప్పకుండా వచ్చే ప్రశ్న: "మా నాయనకు బైపాస్ అయితే చేతి నుంచి ఎంత పడుతుంది సార్?" దీనికి శాతంతో జవాబు చెప్పకండి. పాలసీ ఒప్పుకున్న బిల్లు లక్షయితే ఇరవై వేలు, రెండు లక్షలైతే నలభై వేలు అని చెప్పండి. బిల్లు కవరేజిని దాటితే, దాటినదంతా అదనంగా మనదే అని కూడా చెప్పండి.

ఆ తర్వాతి ప్రశ్న, 'అయితే మా అమ్మానాన్నలను ఇందులోంచి తీసేసి వేరే పాలసీ కొంటే?' అన్నది. తొందరపడవద్దని చెప్పండి. గ్రూప్ పాలసీల్లో సాధారణంగా షుగర్, బీపీ వంటి పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజి ఉంటుంది. బయట కొత్తగా కొనే పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. ఆ ఇరవై శాతం మిగుల్చుకుందామని వెళ్లి, ఆ మూడేళ్లలో నూటికి నూరూ కట్టుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు. కొనదలిస్తే కొత్తది మొదలుపెట్టి, గ్రూప్‌లో కూడా ఉంచడం మేలు.

తల్లిదండ్రులకు 70 ఏళ్లు దాటితే ఇంకో మాట తప్పక చెప్పాలి. 2024 అక్టోబరు నుంచి కేంద్రం 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో పనిలేకుండా, కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తోంది. ప్రైవేటు పాలసీలో ఉన్నవాళ్లూ దీనికి అర్హులే. తెల్ల రేషన్ కార్డున్న ఇంటివాళ్లు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తారేమో కూడా చూసుకోమనండి. ఇవి నెట్‌వర్క్ ఆస్పత్రుల్లోనే పనికొస్తాయి, ఆ పథకాల జాబితాలో ఉన్న చికిత్సలకే వర్తిస్తాయి. కానీ కో-పే లేకుండా బయటపడే దారి ఉన్నప్పుడు అది తెలియకపోవడం అన్యాయం. నోటీసులో దీనికి రెండు లైన్లు కేటాయించండి.

## రెండూ పెడితే

చెప్పడానికి కష్టమైనది ఇదే, ఒప్పుకోకుండా ఉంటే మంచిదీ ఇదే. రూమ్ విషయంలో పొరబడిన కుటుంబం రెండు దెబ్బలూ ఒకే బిల్లులో తింటుంది. తప్పనిసరైతే రూమ్ పరిమితిని రకం రూపంలోకి మార్చమనండి, లేదా కో-పేను 10 శాతానికి దింపమనండి. మన ఉదాహరణలో 3,000 రూమ్ తీసుకున్న కుటుంబానికి 10 శాతం కో-పే అయితే చేతి నుంచి పడేది 30,000 నుంచి 17,500కు దిగుతుంది.

## మెయిలా, నోటీసా, మీటింగా

పాలసీ కాపీ జతచేసి మెయిల్ పంపడం రికార్డు కోసం అవసరమే, కానీ దాన్ని చదివేది ఆఫీసులో కూర్చునే నలుగురే. షిఫ్టులో మిషన్ దగ్గర ఉన్నవాళ్లు, డ్రైవర్లు, స్కూల్ ఆయాలు చదవరు. తెలుగులో ఒక పేజీ నోటీసు, దాన్నే ఫోటోగా వాట్సాప్‌లో పంపడం అందరికీ చేరుతుంది, ఆస్పత్రిలో అవసరమైనప్పుడు ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది. రూమ్ పరిమితికి ఇదే సరిపోతుంది. కో-పేకు మాత్రం మీటింగు కావాలి, ఎందుకంటే ప్రతి ఇంటి పరిస్థితీ వేరు, అడిగే ప్రశ్నలూ వేరు. షిఫ్టుకు ఇరవై నిమిషాలు చాలు. పైన ఉన్న బిల్లును బోర్డు మీద రాసి, ఒక్కో లైను కొట్టేస్తూ లెక్కకట్టి చూపండి.

నోటీసు ఇలా ఉండొచ్చు:

> ఏప్రిల్ 1 నుంచి మన మెడికల్ పాలసీలో రెండు మార్పులు వస్తున్నాయి. (ఈఎస్‌ఐలో ఉన్నవారికి ఈ పాలసీ వర్తించదు.)
>
> రూమ్: మీ కవరేజి 3 లక్షలు. రూమ్‌కు, నర్సింగ్‌తో కలిపి, రోజుకు 3,000 వరకే వస్తుంది. అంతకంటే ఖరీదైన రూమ్ తీసుకుంటే రూమ్ డబ్బులే కాదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ చార్జీల్లో కూడా కోత పడుతుంది. చేరేటప్పుడే 3,000 లోపు రూమ్ అడగండి. దొరక్కపోతే సంతకం పెట్టకముందే మాకు ఫోన్ చేయండి.
>
> తల్లిదండ్రుల క్లెయిములు: పాలసీ ఒప్పుకున్న ప్రతి లక్షకు 20,000 మీరు కట్టాలి. మీకు, మీ భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇది లేదు.
>
> 70 ఏళ్లు దాటిన తల్లిదండ్రులకు ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. ఎలాగో తెలియకపోతే ఆఫీసుకు రండి.
>
> మార్చి 31లోపు ఆస్పత్రిలో చేరినవారికి పాత షరతులే.

చివరి లైను మరిచిపోవద్దు. సాధారణంగా ఏ పాలసీ వర్తిస్తుందన్నది చేరిన తేదీని బట్టి ఉంటుంది, మీ పాలసీలో అదే రాసి ఉందని ఒకసారి ఖాయం చేసుకోండి. నోటీసు కనీసం మూడు వారాల ముందు వెళితే, తండ్రికి హెర్నియా ఆపరేషన్ ఎప్పుడో చేయిద్దామని వాయిదా వేస్తున్న ఉద్యోగి డాక్టర్‌తో మాట్లాడుకుని ముందుకు జరుపుకోగలడు. మార్చి 30న చెబితే ఆ అవకాశం పోతుంది.

## మీ సంస్థకు ఏది

సిబ్బందిలో ఎక్కువమంది ముప్పై లోపు వాళ్లయి, పాలసీలో తల్లిదండ్రులు లేకపోతే కో-పే ప్రసక్తే రాదు, రూమ్ పరిమితిని రకం రూపంలో తీసుకోండి. తల్లిదండ్రులు పాలసీలో ఉండి, క్లెయిముల్లో ఎక్కువ వాళ్లవే అయితే ఇన్సూరెన్స్ కంపెనీ కో-పేను వదలదు. అప్పుడు రూమ్ పరిమితిని తీసేయించడం మీద బలం పెట్టండి. సిబ్బంది నాలుగు ఊళ్లలో చెదిరిపోయి, మీటింగు పెట్టడమే కుదరని వ్యాపారమైతే కో-పే ఒక్కటే ఉన్నది మేలు. ఎవరికీ చెప్పడం కుదరకపోయినా దాంట్లో ఒక కుటుంబం రూమ్ ఎంపికలో పొరబడి అరవై వేలు పోగొట్టుకునే ప్రమాదం లేదు.

నోటీసు అర్థమైందో లేదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ అన్నను, పాలసీలో ఉన్న ఇంకో ఇద్దరిని అడగండి: "రేపు మీ అమ్మను హైదరాబాద్ తీసుకెళ్తే ఏ రూమ్ అడుగుతావు, ఎంత డబ్బు పట్టుకెళ్తావు?" రెండు అంకెలూ సరిగ్గా చెబితే నోటీసు పంపించండి. తడబడితే వాళ్లు ఎక్కడ ఆగారో ఆ వాక్యాన్ని తిరగరాయండి.